14 నుంచి 18 దాకా పాలు వద్దు

సంక్రాంతికి ఊరెళ్లేముందు పాలబ్బాయికి “నాలుగైదు రోజులు పాలు వద్దు, వచ్చాక చెప్తాం” అనేస్తాం. చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

హైదరాబాద్‌లో ఉండే ఒక కుటుంబం సంగతే చూద్దాం. 2026 జనవరి 13, మంగళవారం రాత్రి రైలెక్కి కాకినాడ వెళ్తారు. 18, ఆదివారం రాత్రి బయల్దేరి సోమవారం తెల్లవారేసరికి ఇంట్లో ఉంటారు. “13 నుంచి 18 దాకా వద్దు” అంటే 13 పొద్దున కాఫీకి పాలుండవు. ఆ పూట వాళ్లు ఇంట్లోనే ఉన్నారు కదా! ఇక “18 దాకా” అన్నప్పుడు 18న వెయ్యాలా వద్దా అన్నది వినేవాళ్ల ఊహకే వదిలేసినట్టు. వేస్తే ప్యాకెట్లు తలుపుకి తగిలించిన సంచిలోనే విరిగిపోతాయి. అందుకే వారం పేరుతో సహా ఇలా రాసివ్వాలి:

“ఫ్లాట్ 302. 13 మంగళవారం మామూలుగా వెయ్యి బాబూ. 14 బుధవారం నుంచి 18 ఆదివారం వరకు, ఆ రెండు రోజులూ కలిపి మొత్తం ఐదు రోజులు వద్దు. 19 సోమవారం పొద్దున్నుంచి మళ్లీ రెండు అరలీటర్ ప్యాకెట్లు.”

ఆ చివరి వాక్యాన్నే చాలామంది వదిలేస్తారు. ఎన్ని ప్యాకెట్లు కావాలో పాలబ్బాయి ముందురోజే ఏజెంటుకి చెప్పుకుంటాడు. సోమవారం తెల్లవారుజామున రైలు దిగి ఫోన్ చేస్తే అతని దగ్గర లెక్కకు మించి ప్యాకెట్లుండవు. పైగా పండగకి అతనూ ఊరెళ్లొచ్చు. బదులు వచ్చే కుర్రాడికి మనం నోటితో చెప్పింది తెలీదు, పుస్తకంలో రాసిందే తెలుస్తుంది. కాబట్టి మన ముందే రాయించుకోవడం మేలు. శనివారం మరోసారి గుర్తు చేయాలి. ప్రయాణం వాయిదా పడితే ఆ మాట కూడా ఆదివారం మధ్యాహ్నంలోపే చెప్పెయ్యాలి. యాప్‌లో తెప్పించుకునేవాళ్లు మార్పుకి గడువు ఏ గంటతో ముగుస్తుందో చూసుకోవాలి.

పేపర్ విషయం పేపరబ్బాయితో చెప్తే సరిపోదు. కాపీల లెక్క, బిల్లు ఏజెంటు చేతిలో ఉంటాయి కాబట్టి అతనికి రెండు మూడు రోజుల ముందే చెప్పాలి. గుమ్మం ముందు పేపర్లు పోగుపడితే ఇంట్లో ఎవరూ లేరని దొంగలకి చెప్పినట్టే. ఆదివారం పుస్తకం కావాలనుకుంటే 18వ తేదీ పేపర్ మాత్రం తీసిపెట్టమని విడిగా అడగాలి, గుమ్మంలో వెయ్యొద్దని కూడా చెప్పాలి.

బిల్లొచ్చినప్పుడు ఆ చీటీ పక్కన పెట్టుకోండి. జనవరి 31 రోజుల్లో ఐదు పోతే 26, రోజుకి రెండు చొప్పున 52 ప్యాకెట్లు. పేపర్ బిల్లు నెలకింతని ఉంటే మానేసిన రోజులకి తగ్గిస్తారో లేదో ఊరెళ్లే ముందే అడగాలి. పండగ సెలవు వల్ల అసలు పేపరే రాని రోజుని మనం మాన్పించిన లెక్కలో కలపకూడదు.