పాత చాంద్-తారలకే కొత్త కళ

సోమశిల: పోయినేడు మిలాద్‌కు కట్టిన థర్మాకోల్ చాంద్-తారలు వెలిసిపోయాయా? రంగు మారిస్తే మళ్లీ పనికొస్తాయి. అయితే వాటిపై బంగారు స్ప్రే నేరుగా కొట్టొద్దు. అందులోని సాల్వెంట్ థర్మాకోల్‌ను కరిగించి గుంతలు చేస్తుంది.

ముందు దుమ్ము తుడిచి, గోడలకు వేయగా మిగిలిన ఎమల్షన్ రెండు పూతలు వేయాలి. ఇది నీళ్లలో కలిసే రంగు కాబట్టి థర్మాకోల్‌ను తినదు. మిలాద్ ఇప్పుడు వానాకాలంలో వస్తోంది. కృష్ణా ఒడ్డున తేమకు పూత ఆలస్యంగా ఆరుతుంది. వేలికి అంటనంత వరకు ఆగి, నీళ్లలో కలిసే బంగారు రంగునే బ్రష్‌తో వేయాలి. ఏ రంగైనా ముందు వెనక మూలన ఒక చుక్క పెట్టి చూస్తే గుంత పడేదీ లేనిదీ తెలిసిపోతుంది.

విరిగిన అంచుకు పాత దుపట్టా జరీ చుట్టి ఫెవికాల్‌తో అతికించాలి. పోయినేడు పక్కపక్కన పెట్టిన తారలను ఈసారి చాంద్ కింద దారంతో వరుసగా వేలాడదీస్తే గుమ్మం తీరే మారిపోతుంది. ఈ రంగు వానకు ఆగదు, అందుకే వరండా లోపలే కట్టాలి.