కార్డులో ‘సాధారణం’ అంటే ఏ పంటకు?

భూసార పరీక్ష కార్డు చేతికి రాగానే చాలామంది చూపు ఎరువుల సిఫార్సు ఉన్న వరుస మీదికే పోతుంది. ఎన్ని బస్తాల యూరియా, ఎంత డీఏపీ అని చూసుకుని కార్డు మడిచి పెట్టేస్తారు. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ మట్టిలో నేను వేయబోయే పంట అసలు పండుతుందా?

2015 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి. పీహెచ్, ఈసీ అని రాసే లవణ సూచిక, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. ఒక్కోదాని పక్కన తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అనో, సాధారణం అనో రాసి ఉంటుంది. ఆ మాట మట్టి గురించి చెప్పేదే గానీ పంట గురించి చెప్పేది కాదు. ఒకే మట్టి ఒక పంటకు అనువుగా, ఇంకో పంటకు అంతంతమాత్రంగా, మరో పంటకు పనికిరాకుండా ఉండొచ్చు. ఆ తేడా తెలియాలంటే కార్డులోని అంకెల్ని ఒక్కో పంట అవసరంతో పోల్చి చూడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నల్లరేగడి పొలం, లోతైన నేల, మట్టిలో అక్కడక్కడా సున్నపు గులకలు. కార్డులో అంకెలు ఇలా ఉన్నాయనుకోండి: పీహెచ్ 8.0, ఈసీ 0.9, సేంద్రియ కర్బనం 0.42 శాతం. హెక్టారుకు నత్రజని 190 కిలోలు, భాస్వరం 30 కిలోలు, పొటాష్ 410 కిలోలు. జింకు 0.48 పీపీఎం, ఇనుము 3.9 పీపీఎం. ఈ పొలంలో పత్తి, మొక్కజొన్న, వేరుశనగల్లో ఏది వేయాలి?

మార్చలేనివి ముందు, మార్చగలిగేవి తర్వాత

ఈ అంకెల్ని రెండు గుంపులుగా విడదీసుకుంటే సగం పని అయిపోయినట్టే. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు వంటివి తక్కువైతే బస్తా తెచ్చి వేసుకోవచ్చు. అది లోటు మాత్రమే. పీహెచ్, లవణాలు, మట్టి రకం, నేల లోతు, నీరు ఇంకే గుణం అలా కావు. వాటిని ఒక్క సీజన్‌లో మార్చడం చాలావరకు కుదరదు. పంట అనువైనదా కాదా అని తేల్చేది ఈ రెండో గుంపే. మొదటి గుంపు ఎంత ఖర్చవుతుందో చెబుతుంది.

ఇంకో నియమం కూడా ఉంది. అంశాలన్నిటికీ మార్కులు వేసి సగటు తీయకూడదు. అన్నిటికన్నా బలహీనంగా ఉన్న అంశం ఏదో, పంట మీద తీర్పు దాన్నిబట్టే ఉంటుంది. పొటాష్ పుష్కలంగా ఉందని లవణాల దెబ్బ తగ్గదు. నేలల అనుకూలతను అంచనా వేయడానికి ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 1976లో ఇచ్చిన చట్రంలోనూ బాగా అనువైనవి, ఓ మోస్తరువి, అంతంతమాత్రం, పనికిరానివి అని వర్గాలున్నాయి. రైతు అవసరానికి వాటిని మూడుగా కుదించుకున్నా చాలు.

చిక్కేమిటంటే, తీర్పు చెప్పే అంశాలన్నీ కార్డులో ఉండవు. మట్టి రకం, లోతు, సున్నం మనమే చూసుకోవాలి. తడి మట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పట్టీలా సాగదీయండి. అయిదు సెంటీమీటర్లు దాటినా తెగకపోతే అది బరువైన బంకమట్టి. మట్టి మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుసా పొంగితే సున్నం ఉన్నట్టే. ఈ పరీక్షను వ్యవసాయ సిబ్బంది దగ్గర చేయించుకోవడం మంచిది. మన ఉదాహరణ పొలంలో రెండూ నిజమే.

0.9 అంకె దాచిపెట్టిన సంగతి

కార్డు లెక్కలో ఈసీ 1 లోపు ఉంటే సాధారణం. మన పొలానిది 0.9 కాబట్టి కార్డు ‘సాధారణం’ అనే చెబుతుంది. అయితే ల్యాబ్‌లో ఈ కొలతకు మట్టిలో రెండు, రెండున్నర రెట్లు నీళ్లు కలుపుతారు. పంటలు ఎంత ఉప్పును తట్టుకుంటాయో చెప్పే పట్టికలు మాత్రం మట్టిని నీటితో ముద్దచేసి, అందులోంచి పిండిన నీటి ఈసీ మీద ఆధారపడినవి. నీళ్లు ఎక్కువ కలిపితే ఉప్పు పలచబడి అంకె తగ్గుతుంది కదా. అందుకే ఒకదాన్ని తీసుకెళ్లి ఇంకోదానితో నేరుగా పోల్చకూడదు. ముద్ద లెక్కకు మార్చాలంటే మట్టి రకాన్నిబట్టి దాదాపు మూడు, నాలుగు రెట్లు చేయాలి. మూడున్నర రెట్లు అనుకుంటే మన 0.9 కాస్తా 3.15 అవుతుంది.

ఇప్పుడు పంటల్ని చూడండి. పత్తి 7.7 దాకా దిగుబడి తగ్గకుండా తట్టుకుంటుంది. దానికి ఇదసలు లెక్కే కాదు. వేరుశనగ హద్దు 3.2. అది గట్టు అంచున నిలబడింది, పైగా ఆ హద్దు దాటితే ఒక్కో యూనిట్‌కు దిగుబడి 29 శాతం చొప్పున పడిపోతుంది. మొక్కజొన్న హద్దు 1.7 మాత్రమే. దాటిన ప్రతి యూనిట్‌కు 12 శాతం పోతుంది. 3.15 లోంచి 1.7 తీసేస్తే 1.45. అంటే దిగుబడిలో సుమారు 17 శాతం నష్టం. కార్డులో ‘సాధారణం’ అని రాసి ఉన్న నేలలోనే ఇంత నష్టం. ఎన్ని బస్తాల ఎరువు వేసినా ఇది పూడదు.

మూడు పంటలు, మూడు తీర్పులు

పత్తి: అనువైనది. లోతైన నల్లరేగడి, పీహెచ్ 8, లవణాలు, దేనితోనూ దానికి పేచీ లేదు. మిగిలింది పోషకాల లోటే.

మొక్కజొన్న: అంతంతమాత్రం. లవణాల వల్ల 17 శాతం నష్టం ముందే రాసిపెట్టుకోవాలి. బరువైన నేలలో నీరు నిలిస్తే మొక్కజొన్న వేళ్లకు ఊపిరాడదు. బోదెల మీద విత్తి, మురుగునీటి కాలువలు తీస్తేనే వేయాలి. జింకు లోటును తట్టుకోలేని పంట కూడా ఇదే.

వేరుశనగ: పనికిరాదు. ఊడలు నేలలోకి దిగి కాయలు ఊరాలంటే మట్టి గుల్లగా ఉండాలి. రేగడి ఎండితే గట్టిపడుతుంది, పీకేటప్పుడు కాయలు మట్టిలోనే తెగిపోతాయి. సున్నం ఉన్న నేలలో ఇనుము మొక్కకు అందక లేత ఆకులు పసుపుగా, తర్వాత తెల్లగా పాలిపోతాయి. అన్నభేదిని అలాంటి మట్టిలో వేసినా అది అందని రూపంలోకి మారిపోతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే ఆకు పచ్చబడుతుంది గానీ మట్టి గుల్లబారదు. లవణాల అంచు సంగతి సరేసరి.

మార్కుల పద్ధతిలో చూసి ఉంటే పొటాష్, భాస్వరం దండిగా ఉన్నాయని వేరుశనగ కూడా పాసయ్యేది.

ఇవే పంటల్ని లోతు తక్కువగా ఉన్న ఎర్ర చల్కాలో పెట్టి చూడండి. పీహెచ్ 6.4, ఈసీ 0.2 ఉంటే వేరుశనగ అనువైన పంట అవుతుంది. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి కాల్షియం, గంధకం అందిస్తే చాలు. నేల తేమను పట్టి ఉంచలేదు కాబట్టి అక్కడ వర్షాధార పత్తి అంతంతమాత్రం అవుతుంది.

లోటు లెక్క

మళ్లీ మన రేగడి పొలంలోని పత్తికి వద్దాం. సంకర రకాలకు, బీటీ పత్తికి ఎకరాకు నత్రజని 60, భాస్వరం 24, పొటాష్ 24 కిలోలు సిఫార్సు. నేలలో పోషకం తక్కువగా ఉంటే దాదాపు 30 శాతం పెంచుతారు, ఎక్కువగా ఉంటే అంతే తగ్గిస్తారు, మధ్యస్థమైతే సిఫార్సునే పాటిస్తారు. నత్రజని హెక్టారుకు 280 కిలోల లోపు ఉంటే తక్కువ కిందికే వస్తుంది కాబట్టి 60 కాస్తా 78 అవుతుంది. భాస్వరం, పొటాష్ ఎక్కువగా ఉన్నాయి కాబట్టి 24 చొప్పున ఉన్నవి సుమారు 17కు దిగుతాయి.

బస్తాల్లో చెప్పాలంటే 37 కిలోల డీఏపీతో భాస్వరం సరిపోతుంది. దాంతోపాటే ఆరున్నర కిలోల నత్రజని వస్తుంది. మిగతా నత్రజనికి 155 కిలోల యూరియా, అంటే 45 కిలోల బస్తాలు మూడున్నర. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 28 కిలోలు. భాస్వరమంతా దుక్కిలో వేసి, యూరియా, పొటాష్‌లను విత్తిన 20, 40, 60, 80 రోజులకు నాలుగు దఫాలుగా ఇవ్వాలి. జింకు హద్దు 0.6 కాబట్టి 0.48 లోటే. ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్‌ను దుక్కిలో వేసుకోవాలి. దాన్ని డీఏపీతో కలిపి వేస్తే రెండూ మొక్కకు అందకుండా గడ్డకడతాయి కాబట్టి రెండింటి మధ్య కొన్ని రోజుల ఎడం ఉండాలి.

ఈ లెక్క తప్పేది ఎక్కువగా కొలమానాల దగ్గరే. కార్డులో పోషకాలు హెక్టారుకు ఉంటాయి, మన ఎరువుల సిఫార్సులు ఎకరాకు. హెక్టారు అంటే రెండున్నర ఎకరాలు. రెండో చిక్కు భాస్వరం. కొన్ని ల్యాబ్‌లు దాన్ని P గా, కొన్ని P2O5 గా రాస్తాయి. P ని 2.29తో హెచ్చిస్తే P2O5 వస్తుంది. మన పొలంలోని 30 కిలోలు P లెక్కలోవి, అంటే P2O5 దాదాపు 69. అది ఎక్కువ కిందికి వస్తుంది. ఆ 30నే P2O5 అనుకుంటే మధ్యస్థం అయిపోయి, అక్కర్లేని డీఏపీ కొంటాం. భాస్వరం మితిమీరితే మొక్కకు జింకు ఇంకా తక్కువగా అందుతుంది.

అంకెలే తప్పయితే తీర్పూ తప్పే. సాయిల్ హెల్త్ కార్డు పథకంలో నీటి వసతి ఉన్న చోట 2.5 హెక్టార్లకు, వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు ఒక నమూనా తీసుకునే పద్ధతి పెట్టారు. ఆ నమూనా మీ చెలకలోది కాకపోవచ్చు. గట్ల పక్కన, చెట్ల నీడలో, పెంటకుప్ప ఉన్న చోట తీసిన మట్టి, ఎరువుల సంచిలో కట్టి పంపిన మట్టి కూడా లేని సారాన్ని చూపిస్తాయి. ఊళ్లో అందరి కార్డుల్లోనూ దాదాపు ఒకే అంకెలు కనిపిస్తే, లేదా చౌడు తెల్లగా తేలిన పొలానికి ఈసీ 0.3 అని వస్తే, మీరే నమూనా తీసి మళ్లీ పంపండి. ఎకరంలో ఎనిమిది, పది చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచు మట్టిని గీరి, కలిపి, నీడలో ఆరబెట్టి అరకిలో ఇస్తే చాలు.

విత్తనాలు కొనకముందే కార్డు వెనక మూడు గడులు గీసుకోండి: పంట, తీర్పు, లోటు. తీర్పు గడిలో ‘పనికిరాదు’ అని పడితే, లోటు గడిని పూరించే శ్రమ అక్కర్లేదు.