పది శాతం కోతతో పన్ను తీరిపోదు

ఉద్యోగం చేస్తూనే బయట ఫ్రీలాన్స్ పని పట్టుకుని నాలుగు రాళ్లు వెనకేసుకునేవాళ్లు ఇప్పుడు ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఒక గట్టి నమ్మకం ఉంటుంది. జీతం మీద కంపెనీ పన్ను కోసేసుకుంటోంది, బయటి పని ఇచ్చినవాళ్లు పది శాతం టీడీఎస్ పట్టుకునే డబ్బు పంపుతున్నారు, కాబట్టి రెండు వైపులా పన్ను కట్టేసినట్టేనని. ఈ నమ్మకం వల్లే ఏటా రిటర్ను వేసే రోజుల్లో వేలకు వేలు చేతి నుంచి పడుతుంటాయి. కోత ఎక్కడ పడింది అన్నదాన్ని బట్టి పన్ను తేలదు. ఏడాది మొత్తం మీద, అన్ని దారుల్లో వచ్చిన ఆదాయాన్ని ఒక్కచోట కూడితే ఎంతైందన్నదాన్ని బట్టి తేలుతుంది.

లెక్క వేసి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉన్నాడనుకుందాం. 2025-26 ఆర్థిక సంవత్సరంలో అతని జీతం 12,75,000 రూపాయలు. కొత్త పన్ను విధానంలో ఉన్నాడు. జీతం నుంచి స్టాండర్డ్ డిడక్షన్ కింద 75,000 తీసేస్తే సరిగ్గా 12 లక్షలు మిగులుతుంది. 12 లక్షల వరకూ ఆదాయం ఉన్నవాళ్లకు చట్టం రిబేటు ఇస్తుంది గనక అతని జీతం మీద పన్ను సున్నా. కంపెనీ ఒక్క రూపాయి కూడా కోయదు. అదే ఏడాది అతను శని, ఆదివారాల్లో ఇంకో సంస్థకు ప్రోగ్రామింగ్ చేసి పెట్టి నెలకు 25,000 చొప్పున 3 లక్షలు సంపాదించాడు. ఆ సంస్థ దాన్ని ప్రొఫెషనల్ ఫీజుగా చూసి పది శాతం, అంటే 30,000 కోసి ప్రభుత్వానికి జమచేసింది. తన వంతు పన్ను 30,000తో అయిపోయిందని అతను అనుకుంటాడు.

నిజానికి అతను కట్టాల్సింది 85,800. ఎలాగో చూద్దాం.

ఐటీ పని చట్టం గుర్తించిన వృత్తుల్లో ఒకటి. అలాంటి వృత్తుల వాళ్లు ఖర్చుల పద్దులు రాయనక్కర్లేకుండా, వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపించవచ్చని ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ చెబుతుంది. అలా చూస్తే మన ఇంజనీరు 3 లక్షల్లో లక్షన్నరే ఆదాయం. దీన్ని జీతం తాలూకు 12 లక్షలకు కలిపితే 13,50,000 అయింది. అంటే 12 లక్షల గీత దాటింది. గీత దాటగానే రిబేటు పోతుంది. రిబేటు పోతే అప్పటిదాకా మాఫీ అయిన పన్ను కూడా బతికి వస్తుంది. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 4 లక్షల మీద 5 శాతం చొప్పున 20,000, ఆపై 4 లక్షల మీద 10 శాతం చొప్పున 40,000, మిగిలిన లక్షన్నర మీద 15 శాతం చొప్పున 22,500. మొత్తం 82,500. దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 85,800. ముందే కోసిన 30,000 పోగా ఇంకా 55,800 బాకీ.

జీతం ఒక్కటే ఉన్నప్పుడు సున్నా. లక్షన్నర ఆదాయం కలవగానే 85,800. ఇది అన్యాయంగా అనిపించవచ్చు గానీ, బయటి ఆదాయానికి విడిగా శ్లాబులు ఉండవు. అది జీతం మీద వచ్చి కూర్చుంటుంది. జీతం ఏ శ్లాబులో ఆగిందో అక్కడి నుంచే దీని లెక్క మొదలవుతుంది. 12 లక్షల గీత దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. గీత కాస్త దాటినవాళ్లకు ఊరట ఇవ్వడానికి, దాటిన మొత్తం కంటే పన్ను మించకూడదని చట్టం అంటుంది. ఆదాయం 12,50,000 అయితే లెక్క ప్రకారం పన్ను 67,500 రావాలి, ఊరట వల్ల 50,000కు తగ్గుతుంది. ఊరటే అయినా, ఆ అదనపు 50,000 మొత్తం పన్నుకే పోయినట్టు, సెస్సు దానికి అదనం. సుమారు 12,70,000 వరకూ ఇదే పరిస్థితి. గీతకు దగ్గరలో ఉన్నవాళ్లు బయటి పని ఒప్పుకునే ముందే ఈ లెక్క వేసుకోవాలి.

ఆ పది శాతం కోత అందరికీ ఒకేలా ఉండదు. కొన్ని సంస్థలు ఇదే పనిని సాంకేతిక సేవగా లెక్కకట్టి 2 శాతమే కోస్తాయి. ఏడాది మొత్తం చెల్లింపు 50,000 దాటకపోతే అసలు కోయనక్కర్లేదు. అమెరికా క్లయింటు నేరుగా డబ్బు పంపితే ఇక్కడ టీడీఎస్ ఊసే ఉండదు. కోత తగ్గినకొద్దీ చేతికి ఎక్కువ వస్తుంది, చివర్లో కట్టాల్సిన బాకీ కూడా అంతే పెరుగుతుంది.

44ఏడీఏ సగం లెక్క అందరికీ చెల్లదు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, ఇంటీరియర్ డెకరేటర్లు, ఐటీ వాళ్లు, సినిమాలకు మాటలు, పాటలు రాసేవాళ్లు, ఎడిటర్లు వంటివాళ్లు ఆ జాబితాలో ఉన్నారు. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పే లెక్చరర్, కమీషన్ మీద పాలసీలు అమ్మే గుమస్తా అందులో లేరు. వాళ్లు అసలు ఖర్చులకు లెక్కలు, బిల్లులు పెట్టుకుని మిగిలింది ఆదాయంగా చూపించాలి, ఐటీఆర్-3 వేయాలి. జాబితాలో ఉన్నవాళ్లకైనా సగం అన్నది కనీస మొత్తం. నిజంగా అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలి. సగం కంటే తక్కువ చూపించాలనుకుంటే పద్దులు, ఆడిట్ తప్పవు. కొత్త లాప్‌టాప్ కొని, ఆ ఖర్చుతో వృత్తిలో నష్టం చూపించి జీతం మీద పన్ను తగ్గించుకుందామంటే కుదరదు. వృత్తి నష్టాన్ని జీతంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు.

రెండో పని ఫ్రీలాన్స్ కాకుండా అచ్చంగా రెండో ఉద్యోగమే అయితే చిక్కు ఇంకో రకం. ఒక కంపెనీ 9 లక్షలు, ఇంకోటి 6 లక్షలు జీతం ఇస్తున్నాయనుకుందాం. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ప్రతి కంపెనీ తనిచ్చే జీతం ఒక్కటే ఉన్నట్టు లెక్కవేసి, స్టాండర్డ్ డిడక్షన్, రిబేటు ఇచ్చేసి, పన్ను సున్నా అని తేలుస్తుంది. రెండు ఫారం-16ల్లోనూ కోత ఉండదు. కానీ రెండూ కలిపితే 15 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే వర్తిస్తుంది కాబట్టి ఆదాయం 14,25,000, పన్ను సెస్సుతో 97,500. అంతా ఒక్కసారే కట్టాలి. పైగా జీతంగా వచ్చింది కాబట్టి సగం లెక్క కూడా లేదు.

మళ్లీ మన ఇంజనీరు దగ్గరికి వద్దాం. జూలైలో అతను అలవాటు ప్రకారం ఐటీఆర్-1 తెరుస్తాడు. ఫారం-16 చూసి జీతం నింపుతాడు. టీడీఎస్ పట్టికలో 30,000 దానంతటదే వచ్చి కూర్చుని ఉంటుంది. జీతం మీద పన్ను సున్నా కాబట్టి ఆ 30,000 రీఫండ్ వస్తుందని తెర మీద కనిపిస్తుంది. ఇక్కడే ఆగాలి. 26ఏఎస్ తెరిచి ఆ కోత ఎదురుగా ఉన్న సెక్షన్ నంబరు చూడాలి. జీతం మీద కోత అయితే 192 అని, వృత్తి ఫీజు మీద అయితే 194J అని ఉంటుంది. 194J కనిపిస్తే, ఆ కోతతో పాటు దాని వెనక ఉన్న 3 లక్షలు కూడా ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదయ్యాయని అర్థం. ఏఐఎస్‌లోనూ అదే కనిపిస్తుంది. కోత క్లెయిమ్ చేసి ఆదాయం చూపించని రిటర్ను లోపభూయిష్టమని నోటీసు వస్తుంది. ఆదాయం దాచినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నులో సగం పెనాల్టీ, తప్పుడు వివరాలిచ్చారని తేలితే దానికి రెండింతలు. ఐటీఆర్-1లో వృత్తి ఆదాయం చూపించే వీలే లేదు. 44ఏడీఏ వాడుకునేవాళ్లు, మొత్తం ఆదాయం 50 లక్షల లోపు ఉండి ఇతర చిక్కులు లేకపోతే, ఐటీఆర్-4 వేయాలి.

సరైన ఫారం వేసినా జూలైలో కడితే ఆలస్యమే. టీడీఎస్ పోగా ఏడాదికి 10,000, అంతకు మించి పన్ను బాకీ ఉండేవాళ్లు అడ్వాన్స్ టాక్స్ కట్టాలి. మామూలుగా జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15లకు నాలుగు వాయిదాలు. 44ఏడీఏ వాళ్లకు మార్చి 15న ఒకే వాయిదా. మన ఇంజనీరు అది కట్టకుండా జూలైలో కడితే, మార్చి వాయిదా తప్పినందుకు 1 శాతం, ఏప్రిల్ నుంచి జూలై దాకా నెలకు 1 శాతం చొప్పున 4 శాతం వడ్డీ పడుతుంది. 55,800 మీద మొత్తం 2,790.

ఇది తప్పించుకోవడానికి రెండు దారులున్నాయి. బయటి ఆదాయం సంగతి కంపెనీకి రాసిస్తే, దాన్ని కూడా కలుపుకుని జీతంలోంచే పన్ను కోస్తారు. బయటి పనికి కంపెనీ ఒప్పుకుంటేనే ఈ దారి సుఖం. పోటీ సంస్థలకు పనిచేస్తున్నారని 300 మందిని తీసేసినట్టు విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ 2022 సెప్టెంబరులో బాహాటంగానే చెప్పారు. కంపెనీ ఒప్పుకోకపోయినా ఆ ఆదాయం మీద పన్ను మాత్రం మారదు, ఎందుకంటే ఆ ఒప్పందంతో పన్ను చట్టానికి పనిలేదు. రెండో దారి సొంతంగా కట్టడం. incometax.gov.in లో e-Pay Tax లోకి వెళ్లి, ఆర్థిక సంవత్సరం అయ్యేలోపైతే Advance Tax (100), ఆ తర్వాతైతే Self-Assessment Tax (300) ఎంచుకోవాలి. 2025-26 ఆదాయానికి అసెస్‌మెంట్ సంవత్సరం 2026-27 అని పెట్టాలి.

గృహరుణం, పీఎఫ్ మినహాయింపులు చూసుకుని పాత విధానంలో ఉండాలనుకునేవాళ్లు ఒక విషయం మరిచిపోకూడదు. జీతం మాత్రమే ఉన్న ఉద్యోగి ఏటా పాత, కొత్త విధానాల మధ్య మారవచ్చు. వృత్తి ఆదాయం ఉన్నవాళ్లకు ఆ స్వేచ్ఛ లేదు. పాత విధానానికి వెళ్లాలంటే గడువులోపు ఫారం 10-ఐఈఏ ఇవ్వాలి. మళ్లీ కొత్తదానికి తిరిగి రావడం ఒక్కసారికే. అలా వచ్చాక వృత్తి ఆదాయం ఉన్నన్నాళ్లూ పాతదాని తలుపు మూసుకున్నట్టే. వారాంతపు పని కోసం ఆ నిర్ణయం తేలిగ్గా తీసుకోకూడదు.

2025-26 ఆదాయానికి 1961 నాటి చట్టమే వర్తిస్తుంది. ఆ తర్వాతి ఆదాయానికి 2025 కొత్త చట్టం వస్తుంది, సెక్షన్ల నంబర్లు మారతాయి. ఆదాయాలన్నీ ఒక్కచోట కూడే పద్ధతి మాత్రం మారదు. అందుకే లెక్క మార్చి దాకా ఆపకుండా మొదటి ఫీజు వచ్చిన రోజే మొదలుపెట్టాలి. మన ఇంజనీరు బ్యాంకు ఖాతాలో నెలనెలా పడేది కోత పోగా 22,500. అందులోంచి 4,650 వేరే ఖాతాలోకి మళ్లిస్తే పన్నెండు నెలలకు సరిగ్గా 55,800 అవుతుంది. మిగిలిన 17,850 మాత్రమే అతని నిజమైన సంపాదన. బయటి పనికి ఎంత అడగాలో, ఆ శని, ఆదివారాలు అందుకు తగినవో కాదో ఆ అంకె చూసి తేల్చుకోవాలి.