207 నుంచి 208కి మాత్రం వద్దు

విజయవాడలో ఒక మధ్యతరగతి హోటల్ ఉందనుకుందాం. ఉదయం ఏడున్నరకి ఫ్రంట్ ఆఫీసు ఫోన్‌కి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. ముంజేతి మీద వరసగా నాలుగు ఎర్రటి దద్దుర్లు. కింద రెండు ముక్కలు: "207లో నల్లులున్నాయి. పాప రాత్రంతా గోక్కుంటూనే ఉంది."

చాలామంది మేనేజర్ల వేళ్ళు ముందుగా టైపు చేసే జవాబు ఒకటుంది: "సర్, మా దగ్గర నల్లులు లేవు, దోమలై ఉంటాయి." ఫ్రంట్ ఆఫీసులో కూర్చున్న రోజుల్లో నేనూ ఒకసారి ఇలాగే రాశాను. సాయంత్రం పరుపు ఎత్తి చూశాక ఆ మెసేజ్ వెనక్కి తీసుకునే దారి లేకపోయింది.

దద్దురు చూసి ఏ పురుగు కుట్టిందో చెప్పడం డాక్టర్లకే కష్టం. నల్లి కుట్టినా కొందరికి మచ్చ కూడా పడదు. కొందరికి గంటల్లో దద్దురు లేస్తుంది, కొందరికి రెండు వారాల దాకా కనిపించదు. అంటే ఆ కాట్లు నిన్నటి రైల్లో పడ్డవీ కావచ్చు, మొన్నటి చుట్టాలింట్లో పడ్డవీ కావచ్చు. ఈ సంగతి మేనేజరుకి తెలిసి ఉండాలి గాని, అతిథితో వాదించడానికి పనికిరాదు. ఔననడానికైనా కాదనడానికైనా మంచం చూడాలి, చెయ్యి కాదు. అందుకే మొదటి జవాబు నిజమో కాదో తేల్చకుండా ఏం చేయబోతున్నారో చెప్పాలి. ఇలా రాయొచ్చు:

"సర్, నమస్కారం. మీకూ పాపకూ కలిగిన ఇబ్బందికి క్షమించండి. పది నిమిషాల్లో మా హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ మీ గదికి వస్తారు. మీకు నాలుగో అంతస్తులో 412 సిద్ధం చేయిస్తున్నాం. దయచేసి బ్యాగులు అప్పుడే కదిలించకండి, మంచం మీద ఉంటే బాత్‌రూమ్ టైల్స్ మీద పెట్టండి. వాటిని ఎలా తేవాలో ఆమె చూసుకుంటారు. పాపకి దురద ఎక్కువగా ఉంటే డాక్టర్‌ని పిలిపిస్తాం, ఫీజు మాది. రాత్రి అద్దె మీ బిల్లులో వేయం. గదిలో ఏం కనిపించిందో సాయంత్రం ఐదింటిలోపు నేనే మీకు రాస్తాను."

ఇందులో అన్నిటికన్నా ఆలోచించి రాయాల్సింది గది నంబరు. హడావిడిలో పక్క గది తాళం చేతిలో పెట్టేస్తారు. నల్లికి రెక్కల్లేవు, కానీ బాగా నడుస్తుంది. ప్లగ్గుల వెనక కరెంటు పైపుల్లోంచి, గోడకీ నేలకీ మధ్య సందుల్లోంచి పక్క గదికి పోతుంది. రెండు గదుల మంచాలు ఒకే గోడకి అటూ ఇటూ ఆనుకుని ఉన్నచోట దానికి మరీ సులువు. కాబట్టి 206, 208 వద్దు, సరిగ్గా పైనున్న 307 వద్దు, కిందున్న 107 కూడా వద్దు. 412 ఇచ్చినా ముందు ఆ మంచం కూడా తనిఖీ చేయాలి.

అలా చేయకపోతే ఏమవుతుందో అమెరికాలో కోర్టు రికార్డుకెక్కింది. 2000 నవంబరులో చికాగోలోని ఒక మోటెల్‌లో అన్నాచెల్లెళ్ళిద్దరిని నల్లులు కుట్టాయి. యాజమాన్యానికి ముందే తెలుసు. 1998లోనే పురుగుల మందు కంపెనీ మొత్తం గదులకి 500 డాలర్లకి మందు కొడతానంటే వద్దంది. నల్లులు అనకుండా పిడుదులు అని చెప్పమని రిసెప్షన్ వాళ్ళకి నేర్పింది. అక్కడే మరో అతిథిని గది మారిస్తే రెండో గదిలోనూ పురుగులే, మూడో గదికి పంపిన 18 నిమిషాలకి అక్కడా కనిపించాయి. 2003లో అప్పీలు కోర్టు న్యాయమూర్తి రిచర్డ్ పోస్నర్, ఆ ఇద్దరికీ చెరి 5,000 డాలర్ల నష్టపరిహారం, శిక్షగా మరో 1,86,000 డాలర్లు ఇవ్వాలన్న తీర్పును సమర్థించారు. 500 డాలర్లు మిగుల్చుకోబోయిన ఫలితం.

ఇక సామాను. గది మార్చినా బ్యాగు కుట్లలో నాలుగు నల్లులు వెళ్తే 412 కూడా పోయినట్టే. సూపర్‌వైజర్ బట్టల్ని గదిలోనే ప్లాస్టిక్ సంచుల్లో వేసి మూతి కట్టి లాండ్రీకి పంపాలి. అరవై డిగ్రీల వేడి నీళ్ళలో ఉతికి, డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పితే నల్లీ చస్తుంది, గుడ్డూ చస్తుంది. సూట్‌కేసు జిప్పులు, కుట్లు టార్చితో చూసి వాక్యూమ్ పట్టాలి. మిగతా గదులు తిరిగే ట్రాలీ మీద మాత్రం వీటిని ఎక్కించకూడదు.

అతిథి కదిలాక 207లో వెతుకులాట మొదలవుతుంది. దుప్పటి దులిపితే ఏమీ కనబడదు. పరుపు అంచు కుట్లు విప్పార్చి చూడాలి, మంచం కోళ్ళ అతుకులు, మేకుల బెజ్జాలు చూడాలి, ముఖ్యంగా తలవైపు గోడకి బిగించిన చెక్క పలకని విప్పి వెనక చూడాలి. అది విప్పకుండా "ఏమీ లేవు" అని రాసిన రిపోర్టుకి విలువ లేదు. పెద్ద నల్లి ఆపిల్ గింజంత ఉంటుంది. అది దొరక్కపోయినా పెన్నుతో చుక్క పెట్టినట్టు నల్లటి మరకలుంటాయి. తడిగుడ్డతో రుద్దితే గోధుమరంగుగా అలుక్కుంటే అది నల్లి రెట్టే.

సాయంత్రం జవాబులో ఉన్నదున్నట్టు చెప్పాలి. "సర్, తలవైపు పలక వెనక నల్లుల ఆనవాళ్ళు దొరికాయి. 207తో పాటు చుట్టూ ఉన్న నాలుగు గదుల్లో తనిఖీ మొదలుపెట్టాం, 207ని అమ్మకం నుంచి తీసేశాం. మీ బట్టలు రేపు ఉదయానికి వస్తాయి. ఇంటికెళ్ళాక సూట్‌కేసు పడగ్గదిలో పెట్టకుండా బయట విప్పండి. మందుల బిల్లులుంటే పంపండి. రెండు వారాల తర్వాత మరోసారి రాస్తాం." ఏమీ దొరక్కపోతే ఆ మాటే రాసి, ఎక్కడెక్కడ చూశారో చెప్పాలి. కొందరు మేనేజర్లు ఇక్కడ "దయచేసి గూగుల్ రివ్యూ తీసేయండి" అని చేరుస్తారు. ఆ ఒక్క వాక్యంతో క్షమాపణ కాస్తా బేరం అవుతుంది.

రెండు వారాలనడానికి కారణముంది. చాలా మందులకి గుడ్డు లొంగదు. వెచ్చటి గదిలో గుడ్డు ఆరు నుంచి పది రోజుల్లో పిల్లవుతుంది. మొదటిసారి స్టీమ్ పట్టి మందు కొట్టాక దాదాపు పద్నాలుగో రోజున మళ్ళీ కొట్టేది ఆ పిల్లలు పెరిగి గుడ్లు పెట్టకముందే చంపడానికి. చాలాచోట్ల నల్లులు మామూలు పైరెత్రాయిడ్ మందులకి అలవాటుపడిపోయాయి కూడా. అందుకే ఒక్క మందునే నమ్ముకోకుండా వేడినీ వాక్యూమ్‌నీ కలుపుతారు. పొగ బాంబులు పెడితే చావకపోగా గోడల్లోకి చెదిరిపోతాయి. గది తాళం వేసి వదిలేసినా తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు మాత్రం మనుషులుండే కట్టడంలో పెట్టనే కూడదు. దాన్నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు పక్క గదిలో నిద్రపోతున్నవాళ్ళని కూడా చంపగలదు.

పదిహేనో రోజు మేనేజరు మాట ప్రకారం రాశాడు: "సర్, 207కి రెండోసారి మందు కొట్టాం. మంచం కోళ్ళ కింద పెట్టిన గిన్నెల్లో నిన్న ఒక నల్లి పిల్ల దొరికింది. గది ఇంకా మూసే ఉంచాం. పాప ఎలా ఉంది?"