నేల చెప్పే సాక్ష్యం: బొటిక్ దుకాణ దృశ్యంలో బొమ్మలు, దీపాలు, ప్రతిబింబాలు

దుకాణం కట్టకముందే దాని లోపలి రూపాన్ని కంప్యూటర్‌లో తయారుచేసి యజమానికి చూపుతాం. ఆ చిత్రాన్ని నమ్మి ఆయన అల్మరాల ఎత్తు, దీపాల సంఖ్య నిర్ణయిస్తాడు. అందువల్ల చిత్రంలోని కొలత తప్పితే రేపు వడ్రంగి పని కూడా తప్పుతుంది. చిత్రం నమ్మదగినదో కాదో తెలుసుకోవడానికి ముందుగా మెరిసే నేలను పరిశీలించాలి. బ్లెండర్‌లో చేసిన ఒక ఉదాహరణతో ఈ విషయాన్ని చూద్దాం.

మన దుకాణం 4 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల లోతు, 3 మీటర్ల ఎత్తు ఉందనుకోండి. కెమెరాను 1.5 మీటర్ల ఎత్తులో, వంచకుండా నిటారుగా ఉంచాం. దానికి 5 మీటర్ల దూరంలో 1.78 మీటర్ల ఎత్తుగల బట్టల బొమ్మ నేలపై నిలబడి ఉంది.

మొదటిది కొలత. బయటినుంచి తెచ్చుకున్న బొమ్మ నమూనా సెంటీమీటర్లలో తయారై ఉంటే, ఇక్కడ వంద రెట్లు పెద్దదిగా రావచ్చు. అప్పుడు చాలామంది కంటి అంచనాతో దాన్ని కుదిస్తారు. అది 2.1 మీటర్ల దగ్గర ఆగినా తెలియదు. దీనికి తేలికైన పరీక్ష ఉంది. కెమెరా నిటారుగా ఉన్నప్పుడు, దాని ఎత్తులోనే ఉన్న బిందువులన్నీ, దగ్గరవైనా దూరపువైనా, చిత్రం మధ్యగా పోయే అడ్డగీతపైనే పడతాయి. కాబట్టి ఆ గీత మన బొమ్మ మెడ దగ్గర తగలాలి. 2.1 మీటర్ల బొమ్మకైతే ఛాతీ దగ్గర తగులుతుంది. 15 సెంటీమీటర్ల వేదికపై నిలిపిన సరైన బొమ్మకు కూడా గీత ఛాతీ దగ్గరికే వస్తుంది కనుక, పరీక్షకు ముందు వేదిక ఉందో లేదో చూడండి.

తర్వాత పాదాలు చూడండి. పాదమూ దాని ప్రతిబింబమూ ఒకే చోట కలవాలి. రెంటికీ మధ్య సన్నని ఖాళీ కనిపిస్తే బొమ్మ నేలను తాకకుండా గాలిలో ఉందన్నమాట.

రెండవది దీపం. బొమ్మ ఛాతీ 1.35 మీటర్ల ఎత్తులో ఉంది. పైకప్పు దీపం అక్కడికి 1.65 మీటర్ల పైన ఉంటుంది. వెలుగు నిట్టనిలువు నుంచి 30 డిగ్రీల వాలుతో పడాలంటే దీపాన్ని బొమ్మకు సుమారు 0.95 మీటర్ల ముందు అమర్చాలి. కిరణాల కోణం 24 డిగ్రీలైతే ఛాతీ దగ్గర సుమారు 80 సెంటీమీటర్ల వెలుగు వలయం ఏర్పడుతుంది. తల నుంచి నడుము వరకు వస్త్రం బాగా కనబడడానికి అది చాలు. దీపాన్ని బొమ్మకు సరిగ్గా నెత్తిపైన పెడితే కనుబొమల కింద, గడ్డం కింద గాఢమైన నీడలు పడతాయి.

మూడవది నేల. పాలిష్ పలక లోహం కాదు, కాబట్టి Metallic విలువను పెంచవద్దు. IOR 1.5 ఉంచండి. పైనుంచి నేరుగా చూస్తే అలాంటి నేల వెలుగులో 4 శాతమే తిప్పి పంపుతుంది. కానీ మన కెమెరా నుంచి బొమ్మ పాదం దగ్గరి నేలను ఏటవాలుగా చూస్తాం కనుక అది సుమారు 22 శాతం అవుతుంది. దూరపు నేల ఎక్కువగా, దగ్గరి నేల తక్కువగా మెరవడానికి కారణం ఇదే. Roughness సున్నా పెడితే నేల అద్దంలా మారి, ప్రతి హ్యాంగరూ రెండుసార్లు కనిపించి చిత్రం గజిబిజి అవుతుంది. 0.1 నుంచి 0.2 మధ్య ఉంచితే పాదం దగ్గర ప్రతిబింబం స్పష్టంగా ఉండి, పైకి పోయేకొద్దీ మసకబారుతుంది.

ఇక మిగిలేది తెల్లని చుక్కలు. వీటిని మిణుగురులు అంటారు. చిన్న దీపపు వెలుగు మెరిసే నేలనో, క్రోమ్ కడ్డీనో తాకి గోడపైకి పోయే దారి చాలా అరుదుగా దొరుకుతుంది. దొరికినప్పుడు మాత్రం ఆ బిందువు విపరీతంగా మెరుస్తుంది. ఏది చుక్క, ఏది నిజమైన మెరుపు? Seed మార్చి మళ్లీ చిత్రాన్ని తీయండి. చుక్కలు చోటు మారుతాయి, నిజమైన మెరుపు కదలదు. చుక్కలను తగ్గించడానికి Reflective Caustics తీసివేసి, దీపానికి 3 నుంచి 5 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఇవ్వండి. అప్పటికీ మిగిలితే Clamp Indirect విలువను 10 నుంచి కొద్దికొద్దిగా తగ్గించండి. మరీ తగ్గిస్తే గది మూలల్లోని వెలుగు కూడా చచ్చిపోతుంది. Denoise చివరిలోనే వాడండి. శాంపిళ్లు తక్కువగా ఉన్నప్పుడు అది చుక్కలను చెరిపి వాటి స్థానంలో మరకలు మిగులుస్తుంది, వస్త్రం నేతను కూడా తుడిచేస్తుంది.

అభ్యాసం: పైన చెప్పిన దుకాణంలోనే బొమ్మ ఎత్తును 1.78, 2.1 మీటర్లుగా మార్చి రెండు చిత్రాలు తీయండి. అడ్డగీత ఎక్కడ తగులుతుందో, పాదాలు ప్రతిబింబంతో కలిశాయో లేదో రెంటిలోనూ రాసుకోండి.