ఒక్క గంట చలికి ఎంత యంత్రం?

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో చలి ఎక్కువని అందరికీ తెలుసు. ఎంత చలి ఎన్ని గంటలు ఉంటుందన్నది వేరే లెక్క. హీట్ పంపుల పనితీరును కొలిచే యూరప్ ప్రమాణం ఈఎన్ 14825, శీతల ప్రాంతాలకు నమూనాగా ఈ నగరాన్నే తీసుకుంది. ఆ పట్టిక ప్రకారం ఏడాదిలో ఇళ్లకు వేడి కావాల్సినవి 6,446 గంటలు. వాటిలో ఉష్ణోగ్రత మైనస్ 22 డిగ్రీలకు దిగేది ఒకే ఒక్క గంట. 1 డిగ్రీ దగ్గర ఉండేవి మాత్రం 533 గంటలు. అపార్టుమెంటుకు హీట్ పంపు ఎంత పెద్దది కొనాలన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు అంకెల మధ్యే ఉంది.

హీట్ పంపు అంటే తిరగేసి నడిపే ఏసీ. బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి లోపలికి చేరవేస్తుంది. చలి పెరిగేకొద్దీ ఇంటికి ఎక్కువ వేడి కావాలి, యంత్రం ఇవ్వగలిగేదేమో తగ్గిపోతూ ఉంటుంది. ఈ రెండూ సరిసమానమయ్యే బయటి ఉష్ణోగ్రతను బ్యాలెన్స్ పాయింట్ అంటారు. చలి అంతకన్నా ముదిరితే లోటును బ్యాకప్ హీటర్ పూడ్చాలి.

ఆ లోటు ఏడాదికి ఎంతో తేల్చేదే బిన్ పద్ధతి. ఏడాదిలోని గంటలను తేదీలతో పని లేకుండా ఉష్ణోగ్రతల వారీగా విడదీస్తారు. ఒక్కో డిగ్రీకి ఒక్కో బిన్. ప్రతి బిన్‌లో ఎన్ని గంటలు పడ్డాయో, అప్పుడు భవనానికి ఎంత వేడి కావాలో, యంత్రం ఎంత ఇవ్వగలదో పక్కపక్కన రాసుకుంటే చాలు.

ఒక అపార్టుమెంటును ఊహించుకుని లెక్క వేద్దాం. మైనస్ 22 దగ్గర దానికి 114 కిలోవాట్ల వేడి కావాలనుకుందాం. బయట 16 డిగ్రీలుంటే హీటింగ్ అక్కర్లేదు. ఇంట్లోవాళ్ల ఒంటి వేడి, వంట, దీపాలు, కిటికీల్లోంచి పడే ఎండ కలిసి మిగతా పని చూసుకుంటాయి. 16 నుంచి మైనస్ 22 వరకు 38 డిగ్రీల తేడా కాబట్టి, డిగ్రీ తగ్గినప్పుడల్లా 3 కిలోవాట్లు అదనంగా కావాలన్నమాట. ఈ లెక్కన అన్ని బిన్లనూ కూడితే ఏడాదికి కావాల్సిన వేడి దాదాపు 2,81,000 యూనిట్లు.

ఈ భవనానికి మైనస్ 8 దగ్గర 72 కిలోవాట్లు ఇచ్చే యంత్రాన్ని పెడదాం. అక్కడ భవనానికి కావాల్సిందీ అంతే కాబట్టి బ్యాలెన్స్ పాయింట్ మైనస్ 8. అక్కడి నుంచి డిగ్రీకి ఒకటిన్నర కిలోవాట్ చొప్పున యంత్రం బలం తగ్గుతుందనుకుందాం. ఇప్పుడు మైనస్ 15 బిన్ చూడండి. కావాల్సింది 93 కిలోవాట్లు, యంత్రం ఇచ్చేది 61.5, లోటు 31.5. ఆ బిన్‌లో 41 గంటలున్నాయి కనుక బ్యాకప్ పూడ్చాల్సింది దాదాపు 1,290 యూనిట్లు. మైనస్ 9 నుంచి మైనస్ 22 దాకా ఇలాగే వేసి కూడితే 424 గంటల్లో సుమారు 10,500 యూనిట్లు తేలుతుంది. ఏడాది వేడిలో ఇది 4 శాతం లోపే.

ఇంతకన్నా చిన్న యంత్రం పెడితే? పరిమాణం మూడింట రెండు వంతులకు తగ్గిస్తే బ్యాలెన్స్ పాయింట్ మైనస్ 2కి జరుగుతుంది. బ్యాకప్ పనిచేసే గంటలు 1,587కు, దాని వాటా సుమారు 32,700 యూనిట్లకు పెరుగుతాయి. అంటే మూడింతలు. అక్కడ ఒక్కో డిగ్రీ కింద వందల గంటలు పేరుకుని ఉండటమే ఇందుకు కారణం.

పోనీ, బ్యాకప్పే అక్కర్లేనంత పెద్దది కొంటే? మైనస్ 22 దగ్గర 114 కిలోవాట్లు రావాలంటే మొదటిదానికి రెండింతలు దాటిన యంత్రం కావాలి. మైనస్ 8 దగ్గరే అది 161 కిలోవాట్లు ఇవ్వగలదు. మిగిలేది మాత్రం కొంచెమే. ఆ 10,500 యూనిట్ల వేడిని హీట్ పంపుతో తెచ్చుకున్నా, అంత చలిలో యూనిట్ కరెంటుకు రెండు యూనిట్ల వేడి వస్తుందనుకుంటే, సగం కరెంటు ఎలాగూ ఖర్చవుతుంది. రెట్టింపు పెట్టుబడికి ఏడాదికి ఆదా అయ్యేది 5,250 యూనిట్లు.

పెద్ద యంత్రానికి ఇంకో చిక్కుంది. వేగం ఎంత తగ్గించినా ఒక స్థాయి కిందికి అది నడవలేదు. ఆ స్థాయి 48 కిలోవాట్లనుకుంటే, 1 డిగ్రీ దగ్గర భవనానికి కావాల్సింది 45 మాత్రమే. 1 డిగ్రీ, ఆపైన ఉండే గంటలు 3,530, అంటే సీజన్‌లో సగానికి పైగా. అంతసేపూ కంప్రెసర్ ఆగుతూ, మొదలవుతూ అరిగిపోతుంది. అందుకే ఒకే పెద్ద యంత్రం బదులు రెండు మూడు చిన్నవి పెట్టడం మేలు. ఒకటి చెడిపోయినా భవనం పూర్తిగా చల్లబడిపోదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బ్యాకప్ వాటా 4 శాతమే కదా అని చిన్న హీటర్ పెడితే సరిపోదు. 4 శాతం అన్నది ఏడాది మొత్తంలో వాటా. మైనస్ 22 గంటలో యంత్రం ఇచ్చేది 51 కిలోవాట్లు, లోటు 63. హీటర్ సైజు 63 కిలోవాట్లకు తగ్గకూడదు. యంత్రం మైనస్ 20 దగ్గరే ఆగిపోయే రకమైతే హీటర్ ఒక్కటే మొత్తం 114 మోయాలి. భవనానికి తీసుకున్న కరెంటు లోడు ఆ గంటను తట్టుకోగలదో లేదో ముందే చూసుకోవాలి. తట్టుకోలేకపోతే బ్యాకప్‌కు గ్యాస్ బాయిలరో, మరో వేడి వనరో వెతుక్కోవాలి.

లెక్క ఎంత సరిగా ఉన్నా, అందులో వేసిన అంకెలు తప్పయితే ఫలితమూ తప్పుతుంది. కేటలాగ్‌లో పెద్దగా కనిపించే సామర్థ్యం తరచూ 35 డిగ్రీల నీటికి చెప్పింది. పాత రేడియేటర్లకు 55 డిగ్రీల నీరు కావాలంటే ఆ ఉష్ణోగ్రతకు ఇచ్చిన అంకెలే తీసుకోవాలి. మంచు సంగతీ ఉంది. సున్నా చుట్టుపక్కల గాలిలో తేమ ఎక్కువ కావడంతో బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి యంత్రం మధ్యమధ్య వెనక్కి తిరిగి నడవాలి. హెల్సింకీలో మైనస్ 2 నుంచి 2 డిగ్రీల మధ్యే 2,242 గంటలున్నాయి. కాబట్టి ఈ నష్టాన్ని తీసేశాక మిగిలే సామర్థ్యాన్నే లెక్కలో వాడాలి.

బిన్ పద్ధతి చెప్పలేనివీ ఉన్నాయి. 424 చలిగంటలు వరుసగా వచ్చాయా, విడివిడిగా వచ్చాయా అన్నది దానికి తెలియదు. వరుసగా వస్తే గోడలు కూడా చల్లబడి లోటు పెరుగుతుంది. స్నానాలకు వేడినీళ్లు ఏడాది పొడవునా కావాల్సిందే కాబట్టి ఆ భారాన్ని ప్రతి బిన్‌కూ విడిగా కలపాలి. మన లెక్కలో అది లేదు.

యంత్రం నడవడం మొదలయ్యాక ఈ పట్టికే తనిఖీకి పనికొస్తుంది. బ్యాకప్ హీటర్‌కు విడిగా మీటరు పెట్టించాలి. బయట సున్నా డిగ్రీలున్నప్పుడు ఆ మీటరు తిరుగుతోందంటే తప్పు చలిది కాదు, కంట్రోల్ సెట్టింగుది. తెల్లవారుజామున గదుల్ని గబగబా వేడెక్కించమని అడిగినప్పుడల్లా హీటర్ దూకేస్తుండవచ్చు. బయటి ఉష్ణోగ్రత బ్యాలెన్స్ పాయింట్ దాటి దిగేదాకా హీటర్ వెలగకుండా లాక్ పెడితే సరిపోతుంది. సాధారణ చలికాలం ముగిసేసరికి మీటరు 10,500కు దగ్గరగా నిలిస్తే ఎంపిక సరైనదే. 30,000 దాటితే మాత్రం కొత్త యంత్రం కొనే ముందు సెట్టింగులు, నీటి ఉష్ణోగ్రత చూడాలి.