ఎనిమిదో నంబరే, కానీ పట్టలేదు

ఆన్‌లైన్‌లో 900 రూపాయల బూట్ల జత అమ్మితే 150 మిగులుతుందనుకుందాం. అదే జత వెనక్కొస్తే పోను కొరియర్ 80, రాను 90, ప్యాకింగ్ 20, మొత్తం 190 చేతి నుంచి పడుతుంది. వంద ఆర్డర్లలో 20 తిరిగొస్తే, మిగతా 80 జతల మీద వచ్చిన 12,000లో 3,800 పోయి 8,200 మిగులుతుంది. రిటర్నులు 12కి తగ్గితే మిగిలేది 10,920. అట్ట అడుగు మాసిపోయి కొత్త సరుకుగా అమ్మలేని జతల నష్టం ఇందులో కలపలేదు.

రిటర్ను పెట్టేవాళ్లు 'సైజు కుదరలేదు' అని నొక్కేసి ఊరుకుంటారు. ఆ ఒక్క మాటతో దుకాణానికి తెలిసేది శూన్యం. వేళ్లు ముందు తగులుతున్నాయా, పక్కల నొక్కుతోందా, మడమ దగ్గర జారుతోందా అని విడివిడిగా అడగాలి. ఎందుకంటే మనం వాడే బ్రిటిష్ నంబర్లలో ఒక్కో సైజుకి పొడవు సుమారు 8.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పాదం వెడల్పుగా ఉన్నవాడికి 8 నంబరు పక్కల బిగిస్తే 9 తెప్పించుకుంటాడు. పక్కలు వదులవుతాయి, మడమ జారుతుంది. అదీ వెనక్కే! ఒక్క మనిషికి రెండు రిటర్నులు. అతనికి కావలసింది పెద్ద సైజు కాదు, వెడల్పు అచ్చు మీద కుట్టిన వేరే మోడల్. మనవాళ్లలో ఇలాంటి పాదాలు తక్కువేం కాదు. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ లక్ష మందికి పైగా పాదాలు కొలిపించి, భారతీయుల పాదాలు పాశ్చాత్యుల పాదాల కన్నా వెడల్పని తేల్చింది.

పొడవు సంగతి ఇంకా తేలిక, అయినా చాలామంది వదిలేస్తారు. బూటు లోపలి అట్ట బయటికి లాగి స్కేలుతో కొలవాలి. ఒక మోడల్ 8 నంబరులో అట్ట 27 సెంటీమీటర్లు, ఇంకో మోడల్ 8లో 27.8 ఉందనుకోండి. వేళ్ల ముందు సెంటీమీటరుకి పైగా జాగా ఉండాలి కాబట్టి మొదటిది 25.8 సెంటీమీటర్ల పాదానికి, రెండోది 26.6 పాదానికి పనికొస్తుంది. పెట్టెల మీద నంబరు ఒకటే, తేడా మాత్రం దాదాపు ఒక సైజు. అందుకే పేజీలో నంబరు పక్కన 'పాదం ఇన్ని సెంటీమీటర్ల వరకు' అని రాయాలి. కొత్త లాట్ దిగినప్పుడల్లా సైజుకో జత మళ్లీ కొలవాలి. అచ్చు మారినా తయారీదారు చెప్పడు.

డబ్బు వాపసు బదులు సైజు మార్చి పంపితే అమ్మకం నిలుస్తుంది గాని కొరియర్ ఖర్చు తప్పదు. రిటర్నుకి రుసుము పెడితే కొనేవాళ్లే జంకుతారు, నా లెక్కలో అది ఆఖరి మార్గం. క్యాష్ ఆన్ డెలివరీలో తీసుకోకుండా తిప్పి పంపే పార్శిళ్లకి స్కేలుతో పనిలేదు, వాటి లెక్క వేరేగా రాసుకోవాలి.

మీరు కొనేవాళ్లయితే, పాదాలు కాస్త ఉబ్బే సాయంత్రం పూట మడమ గోడకి ఆనించి, కాగితం మీద నిలబడి రెండు పాదాలూ కొలుచుకోండి. పెద్దగా వచ్చిన అంకె చూసి ఆర్డర్ పెట్టండి.